బాబాయ్ పంపిన స్క్రీన్‌షాట్, అందులో ఆకుపచ్చ బాణం

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి గుంటూరు నుంచి బాబాయ్ వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. కింద ఒకే ఒక్క మాట: "చూశావా?"

చూశాను. ఫోన్‌లోని ఫిట్‌నెస్ యాప్ వారానికోసారి చూపించే సారాంశం అది. పైన పెద్ద అక్షరాల్లో రోజుకి సగటున 5,971 అడుగులు. పక్కన ఆకుపచ్చ బాణం, పోయిన వారం కన్నా 17 శాతం ఎక్కువని. దాని కింద కొంచెం చిన్న అక్షరాల్లో చురుకైన నిమిషాలు 64, దానికి ఎర్ర బాణం, 10 శాతం తక్కువని. అన్నిటికన్నా కింద కేలరీలు 12,460. మధ్యలో ఏడు నిలువు గీతలు, ఆరు పొట్టివి, ఒకటి తాటిచెట్టంత.

బాబాయ్‌కి యాభై ఆరేళ్లు. పట్నం బజార్లో ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాడు. షుగర్ బోర్డర్లో ఉందని డాక్టరు నడవమన్నాక, పొద్దున్నే బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియంకి వెళ్తున్నాడు. ఆయనకి ఆ రాత్రి కావలసింది నా చేత "భేష్" అనిపించుకోవడం. నేను విజయవాడలో కూర్చుని ఆ ఒక్క మాటా టైప్ చేసి పడుకోవచ్చు. కానీ మూడు నెలల తర్వాత డాక్టరు "ఎలా ఉంది వాకింగ్?" అని అడిగితే చూపించడానికి ఆకుపచ్చ బాణాలూ ఎర్ర బాణాలూ పనికిరావు. ఆరేడు లైన్ల నోట్ అయితే పనికొస్తుంది: వారం నిజంగా ఎలా గడిచింది, వచ్చే వారం ఏం చేయాలి. స్క్రీన్‌షాట్‌ని అలాంటి నోట్‌గా ఎలా మార్చుకోవాలో బాబాయ్ వారంతోనే చెప్తాను.

ముందుగా, ఆ ఒక్క స్క్రీన్‌షాట్ సరిపోదు. సారాంశంలో ఉండేది సగటు. రోజువారీ అంకెలు గీతల్లో దాక్కుని ఉంటాయి. చాలా యాప్‌లలో గీత మీద వేలు పెడితే ఆ రోజు అంకె పైకి వస్తుంది. అందుకని ఫోన్ చేసి ఒక్కో గీతా నొక్కించి చదివించాను. సోమవారం 5,240. మంగళవారం 4,680. బుధవారం 1,120. గురువారం 6,310. శుక్రవారం 3,950. శనివారం 5,870. ఆదివారం 14,630. మొత్తం 41,800, ఏడుతో భాగిస్తే 5,971. యాప్ కూడికలో తప్పేమీ లేదు.

ఈ పని చేసేటప్పుడు తేదీలు కూడా చూసుకోవాలి. కొన్ని యాప్‌లలో వారం ఆదివారం మొదలవుతుంది, కొన్నింట్లో సోమవారం. సెట్టింగ్స్‌లో మార్చుకునే వీలు కొన్నిటికి ఉంటుంది. ఆదివారం పొద్దున్నే తీసిన స్క్రీన్‌షాట్‌లో ఆ రోజు ఇంకా సగం కూడా గడవదు కాబట్టి ఆ రోజు గీత పొట్టిగా, సగటు తక్కువగా కనిపిస్తుంది. వారం పూర్తయ్యాక, సోమవారం పొద్దున తీసుకోవడం మేలు. ఇంకో చిన్న మాట. ఫ్యామిలీ గ్రూపులో పెట్టే ముందు పైన నోటిఫికేషన్ల పట్టీ, బరువు, నడిచిన దారి మ్యాపు కత్తిరించేయండి. మా పిన్ని బరువు ఒకసారి మా గ్రూపులో అందరికీ తెలిసిపోయి, ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు.

ఇక అసలు విషయానికి వస్తే, ఏడు అంకెల్లో రెండు తేడాగా ఉన్నాయని చూడగానే తెలుస్తోంది. తేడాగా ఉన్న ప్రతి రోజు గురించీ "ఆ రోజు ఏమైంది?" అని అడగాలి. ఈ ప్రశ్నకి జవాబు యాప్ దగ్గర ఉండదు, మనిషి దగ్గరే ఉంటుంది.

ఆదివారం సంగతి నాకు తెలుసు. ఆ రోజు బాబాయ్, పిన్ని విజయవాడ వచ్చారు. వచ్చే గురువారం తెనాలిలో పెళ్లి, బట్టలు పెట్టాలి. పొద్దున పదింటికి వస్త్రలతలో అడుగుపెట్టి, అక్కణ్ణుంచి బీసెంట్ రోడ్డుకి వచ్చి, ఒక చీర నచ్చక మళ్లీ వెనక్కి వెళ్లి, సాయంత్రం ఆరింటికి బయటపడ్డారు. 14,630 అడుగులు నిజమే, కాళ్లు లాగింది కూడా నిజమే. కానీ అది వచ్చే ఆదివారం జరిగే పని కాదు.

బుధవారం 1,120 ఏమిటని అడిగితే బాబాయ్ కాస్త తటపటాయించాడు. "ఆ రోజు స్టేడియంకి వెళ్లాన్రా. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి మర్చిపోయా. సాయంత్రం ఇంటికొచ్చాక చూసుకున్నా." ఆయనకి వాచీ లేదు, అడుగులు లెక్కపెట్టేది ఫోన్ మాత్రమే. ఫోన్ బల్ల మీద ఉంటే యాప్ దృష్టిలో మనిషి కూడా బల్ల మీదే ఉన్నట్టు.

ఇక్కడ చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. 1,120ని నిజమని నమ్మి ఆ రోజు బద్ధకించినట్టు రాసుకోవడం ఒకటి. "మామూలుగా నడిచినంతే నడిచుంటాలే" అని ఐదువేలు వేసేసుకోవడం రెండోది. రెండూ వద్దు. నోట్‌లో "బుధవారం నడిచాడు, లెక్కకి రాలేదు" అని రాస్తే చాలు. తెలియని అంకెని ఖాళీగా వదిలేయడం కొట్లో లెక్కలు రాసే మనిషికి కొంచెం కష్టమే. బాబాయ్‌కి చివరిదాకా నచ్చలేదు.

గురువారం 6,310 చూడ్డానికి మామూలుగానే ఉంది. అలాంటివే ఎక్కువ మోసం చేస్తాయి. గంటల వారీ గీతలు తెరవమన్నాను. పొద్దున స్టేడియంలో నడిచిన గీత ఉంది, సరే. పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఇంకో 900 అడుగులున్నాయి. ఆ టైములో ఏం చేస్తున్నావంటే, వసూలు కోసం స్కూటర్ మీద నల్లపాడు వైపు వెళ్లాడట. ఫోన్‌లో కదలికని పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. కాలు నేల మీద పడినప్పుడు వచ్చే కుదుపు ఒక లయలో పదే పదే వస్తే దాన్ని అడుగుగా లెక్కిస్తుంది. బండి మీద వెళ్లేటప్పటి కుదుపుల్ని పక్కన పెట్టడానికి యాప్‌లు ప్రయత్నిస్తాయి గానీ, గుంతల రోడ్డు మీద చొక్కా జేబులో ఎగిరే ఫోన్‌కి కొన్నిసార్లు ఆ తేడా తెలియదు. గంటల గీతల్లో మీరు బండి మీద ఉన్న టైములో అడుగులు కనిపిస్తే అవి రోడ్డు వేసిన అడుగులే. 900 తీసేస్తే గురువారం 5,410.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. ఇంట్లో చిన్న చిన్న అడుగులతో మెల్లగా తిరిగే పెద్దవాళ్ల నడకని ఫోన్ సగం పట్టుకోలేకపోవచ్చు. వాచీ పెట్టుకున్నవాళ్లు చెయ్యి కదలకుండా తోపుడు బండినో, షాపింగ్ మాల్‌లో ట్రాలీనో పట్టుకుని నడిస్తే ఆ అడుగులు కూడా జారిపోతాయి. ఫోన్ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండే ఆడవాళ్లకి వంటింటి నడక మొత్తం లెక్కలో లేనట్టే. అందుకే ఒకరి అంకెతో ఇంకొకరి అంకెని పోల్చే పోటీలు నాకు నచ్చవు. అదే ఫోన్, అదే జేబు, అదే మనిషి అయితేనే పోలిక.

ఇప్పుడు "బాబాయ్ మామూలు రోజు ఎంత?" అన్న ప్రశ్నకి జవాబు తీద్దాం. సగటు ఇక్కడ పనికిరాదు. ఒక్క ఆదివారమే మొత్తంలో మూడో వంతు కన్నా ఎక్కువ మింగేసింది. వెయ్యి రూపాయలు సంపాదించే ఆరుగురి మధ్య ఒక కోటీశ్వరుడు కూర్చుంటే సగటున అందరూ లక్షాధికారులే కదా, అదీ సంగతి. దీనికి స్కూల్లో చెప్పిన మధ్యగతం వాడాలి. పేరు పెద్దదే గానీ పని చాలా తేలిక. ఏడు అంకెల్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాసి, సరిగ్గా మధ్యలో ఉన్న నాలుగోదాన్ని తీసుకోవాలి.

యాప్ ఇచ్చిన అంకెలనే వరసగా రాస్తే: 1,120, 3,950, 4,680, 5,240, 5,870, 6,310, 14,630. నాలుగోది 5,240. గురువారంలో స్కూటర్ అడుగులు తీసేసి మళ్లీ రాస్తే: 1,120, 3,950, 4,680, 5,240, 5,410, 5,870, 14,630. ఇప్పుడు కూడా నాలుగోది 5,240. షాపింగ్ రోజు ఉన్నా, ఫోన్ మర్చిపోయిన రోజు ఉన్నా, స్కూటర్ కలిసినా తీసినా అది అక్కడే కూర్చుంది. సగటుకి లేని గుణం ఇదే. ఒకటి రెండు పిచ్చి రోజులు వచ్చినా మధ్యలో ఉన్నది పెద్దగా చలించదు. సగం వారం తేడాగా ఉంటే మాత్రం మధ్యగతం కూడా కాపాడలేదు. జ్వరంతో నాలుగు రోజులు పడుకున్న వారానికి ఏ లెక్కా వేయకుండా "జ్వరం" అని రాసి వదిలేయాలి, ఆ పై వారాన్ని దానితో పోల్చకూడదు.

పోయిన వారం అంకెలు కూడా చదివించి వరసలో పెడితే మధ్యది 5,150 వచ్చింది. ఈ వారం 5,240. తేడా తొంభై అడుగులు, అంటే ఒక నిమిషం నడక. ఆకుపచ్చ బాణం చెప్పిన 17 శాతం దాదాపు మొత్తం వస్త్రలతలో వచ్చిందే.

ఈ ముక్క చెప్పేసరికి ఫోన్‌లో అవతల నిశ్శబ్దం. తర్వాత "అంటే ఏమీ పెరగలేదంటావా?" అన్నాడు బాబాయ్. పెరగలేదు, తగ్గలేదు. కానీ అప్పటికింకా ఎర్ర బాణం సంగతి చూడలేదు.

చురుకైన నిమిషాలు అంటే కాస్త ఒగురుస్తూ గట్టిగా నడిచిన నిమిషాలు. యాప్‌ని బట్టి పేరూ లెక్కా మారతాయి. గూగుల్ ఫిట్‌లో వీటి బదులు హార్ట్ పాయింట్లు ఉంటాయి. ఓ మోస్తరు వేగంతో నడిచిన నిమిషానికి ఒక పాయింటు, పరుగులాంటి గట్టి పనికి నిమిషానికి రెండు. కాబట్టి 64 పాయింట్లంటే 64 నిమిషాలే కానక్కర్లేదు. బాబాయ్ యాప్‌లో మాత్రం నిమిషాలే. గట్టి నడక అంటే ఎంత అన్నదానికి నిమిషానికి సుమారు వంద అడుగులు ఒక గుర్తు. పది సెకన్లు లెక్కపెట్టుకుంటే పదిహేడు అడుగులు పడాలి. మాట్లాడగలం గానీ పాట పాడలేం అన్నంత ఊపిరి ఉండాలి. ఇది ఫోన్ లేకుండా కూడా తెలిసే గుర్తు.

బాబాయ్ రోజువారీ నిమిషాలు ఇవి: సోమవారం 18, మంగళవారం 14, గురువారం 16, శనివారం 16. శుక్రవారం సున్నా, ఆ రోజు వారం లెక్కలు కట్టాలి కాబట్టి పొద్దున్నే కొట్టుకి వెళ్తాడు. బుధవారం ఫోన్ ఇంట్లో ఉంది కాబట్టి అదీ సున్నాయే. ఇక 14,630 అడుగులు పడ్డ ఆదివారం చూడండి. సున్నా! ఎనిమిది గంటలు తిరిగినా చీర దగ్గర ఆగి, రవిక బట్ట దగ్గర ఆగి, బేరం దగ్గర కూర్చుని వేసిన అడుగులవి. గుండెకి, ఊపిరికి పని పెట్టేంత వేగం ఒక్క నిమిషం కూడా లేదు. కదలకుండా కూర్చోవడం కన్నా అది మేలే. కానీ డాక్టరు వాకింగ్ చేయమన్నది దీని గురించి కాదు.

ఎర్ర బాణం కూడా నమ్మదగ్గది కాదు. పోయిన వారం 71, ఈ వారం 64, అందుకే 10 శాతం తగ్గిందంది యాప్. కానీ ఈ వారం బుధవారం నడక లెక్కలోకే రాలేదు. అది కలిసి ఉంటే 71 దాటేదేమో కూడా. ఒకే స్క్రీన్‌షాట్‌లో రెండు బాణాలున్నాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండూ తప్పుదారే.

కేలరీల దగ్గర ఎక్కువసేపు ఆగను. 12,460 చూసి బాబాయ్ "ఇంత ఖర్చయితే సాయంత్రం నాలుగు పునుగులు తినకూడదా?" అన్నాడు. ఆ అంకె రోజుకి 1,780 చొప్పున వచ్చింది. అందులో ఎక్కువ భాగం మనిషి మంచం మీద పడుకున్నా గుండె, మెదడు, కాలేయం పనిచేయడానికి శరీరం ఖర్చు పెట్టుకునేదే. నడక వల్ల వచ్చింది అందులో కొద్దిగా. పైగా ఆ కొద్ది కూడా అంచనాయే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి కట్టుకునే ఏడు పరికరాల్ని పరీక్షిస్తే, గుండె వేగం ఆరింటిలో బాగానే వచ్చింది గానీ, కేలరీల్లో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చూపించింది. చేతికి అంటుకుని ఉండే వాచీల సంగతే అది. జేబులో ఫోన్ వేసే కేలరీల లెక్కని నోట్‌లోకి తేవద్దు, పునుగుల లెక్కలోకి అసలే తేవద్దు.

ఇక వచ్చే వారం లక్ష్యం. యాప్ తెర మీద 10,000 అడుగుల గుండ్రం ఎప్పుడూ సగం ఖాళీగా వెక్కిరిస్తూ ఉంటుంది. బాబాయ్‌కి దాని మీదే పట్టుదల. ఆ పదివేలు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్కమీటర్ పేరు నుంచి. మాన్‌పో-కేయ్ అని పేరు, పదివేల అడుగుల మీటర్ అని అర్థం. చెప్పడానికి బాగున్న అంకె అది, వైద్యులు కొలిచి తేల్చింది కాదు. తర్వాత పరిశోధనలు వచ్చాయి. 2022లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో పదిహేను అధ్యయనాలు కలిపి చూస్తే, అరవై దాటినవాళ్లకి రోజుకి 6,000 నుంచి 8,000 దగ్గర, అంతకన్నా చిన్నవాళ్లకి 8,000 నుంచి 10,000 దగ్గర ప్రయోజనం పెరగడం మందగిస్తోందని తేలింది. అక్కడిదాకా మాత్రం ప్రతి వెయ్యికీ విలువ ఉంది. కాబట్టి బాబాయ్ వెళ్లాల్సిన దిశ సరైనదే. కానీ 5,240 దగ్గర ఉన్న మనిషికి సోమవారం నుంచి పదివేలు అని రాస్తే, మంగళవారం రాత్రికి మోకాలు పట్టుకుంటుంది, బుధవారం స్క్రీన్‌షాట్ రావడం ఆగిపోతుంది. ఇది ఊహ కాదు, రెండేళ్ల క్రితం నా నోట్‌బుక్‌లో నేనే చేసుకున్న ఘనకార్యం.

నేను వాడే పద్ధతి ఇది. వరసలో పెట్టిన ఏడు అంకెల్లో నాలుగోది మామూలు రోజు కదా, దాని పక్కనున్న ఐదోదాన్ని లక్ష్యంగా తీసుకుంటాను. బాబాయ్ వరసలో అది 5,410. గుండ్రంగా 5,400. దీని గొప్పతనం ఏమిటంటే, ఆ మనిషి అదే వారంలో, అవే పనుల మధ్య దాన్ని ఇప్పటికే మూడు రోజులు చేరుకున్నాడు. షాపింగ్ తీసేస్తే రెండు రోజులు. కొత్తగా సాధించాల్సింది అంకె కాదు, రోజుల సంఖ్య. నడక మీద జరిగిన పరిశోధనల్లో కూడా కొన్ని, మనిషి గత కొద్ది రోజుల అంకెల్ని వరసలో పెట్టి మధ్యకన్నా కాస్త పైనున్నదాన్ని లక్ష్యంగా ఇస్తూ పోయే పద్ధతి వాడాయి.

అందుకని "రోజుకి 5,400" అని రాయను, "నాలుగు రోజులు 5,400" అని రాస్తాను. రోజూ అంటే మొదటి రోజు తప్పగానే లక్ష్యం పోయినట్టే. నాలుగు రోజులంటే శుక్రవారం లెక్కల పని ఉన్నా, ఇంకో రెండు రోజులు చేయి దాటినా ఆట మిగిలే ఉంటుంది.

నిమిషాలకి కూడా ఇలాగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలి. అంతకుముందు మార్గదర్శకాల్లో ఒకేసారి కనీసం పది నిమిషాలు ఉండాలనేవారు, 2020లో ఆ షరతు తీసేశారు. కాబట్టి సందు చివరిదాకా గట్టిగా నడిచిన ఐదు నిమిషాలు కూడా లెక్కే. బాబాయ్‌కి 150 దూరంలో ఉంది. ఉన్న నడకలనే ఒక్కోటి సగటున 16 నిమిషాల నుంచి 20కి పెంచితే నాలుగు రోజులకి 80. ఇంకో నాలుగు నిమిషాలంటే ఆయన వేగానికి స్టేడియంలో సుమారు ఒక రౌండు.

ఈ రెండు లక్ష్యాలు రెండు పనులు కాకుండా చూసుకోవాలి. నాలుగు నిమిషాల గట్టి నడక అంటే సుమారు 400 అడుగులు. సోమవారం 5,240కి 400 కలిపితే 5,640, లక్ష్యం దాటినట్టే. మంగళవారం 4,680కి కలిపితే 5,080, ఇంకా 320 తక్కువ, అంటే మధ్యాహ్నం భోజనం చేసి కొట్టుకి వెళ్లేటప్పుడు మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ తిరగాలి. ఇంతే తేడా. నాలుగు నిమిషాల పొడిగింపుతో రెండు లక్ష్యాలూ దాదాపు తీరిపోతాయి. ఇలా చిన్న కూడిక చేసి చూస్తే లక్ష్యం కుదిరేదో కాదో కాగితం మీదే తెలుస్తుంది.

ఇక ఆఖరున క్యాలెండర్ చూడాలి. నేను సోమ, మంగళ, గురు, శని అన్నాను, ఈ వారం లెక్కకి వచ్చిన రోజులవే కదా అని. "గురువారం తెనాలి పెళ్లి పెట్టుకుని వాకింగ్ ఏంట్రా? తెల్లవారుజామున ముహూర్తం" అన్నాడు బాబాయ్. అవును కదా! గురువారం తీసేసి బుధవారం పెట్టాం. బుధవారం నడుస్తాడు, ఫోన్ ఒక్కటే జేబులో ఉండాలి. అందుకే బుధవారం పక్కన "ఫోన్" అని రాశాం. ఇంకా పెంచుదామా అంటే వద్దన్నాను. ఒక రోజు పోయే వారంలో ఇంతకన్నా పెంచకూడదు.

ఆ రాత్రి నేను పంపిన నోట్ ఇది:

"బాబాయ్, ఈ వారం (సోమ నుంచి ఆది).
మామూలు రోజుకి 5,240 అడుగులు. పోయిన వారం 5,150. ఇంచుమించు అంతే.
గట్టి నడక నాలుగు రోజుల్లో 64 నిమిషాలు. బుధవారం నడిచావు, లెక్కకి రాలేదు.
పక్కన పెట్టినవి: ఆదివారం షాపింగ్ 14,630, గురువారం స్కూటర్ 900.
వచ్చే వారం సోమ, మంగళ, బుధ (ఫోన్!), శని: పొద్దున 20 నిమిషాలు, ఆ రోజుల్లో 5,400 అడుగులు.
గురువారం పెళ్లి, శుక్రవారం లెక్కలు. ఆ రెండు రోజులూ ఏమీ పెట్టుకోవద్దు.
మోకాలు నొప్పి చేస్తే 16 నిమిషాలకే ఆపెయ్. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా నడక ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్."

సగటు లేదు, శాతాలు లేవు, కేలరీలు లేవు. ఏది ఎందుకు పక్కన పెట్టామో ఒక్క లైనులో ఉండాలి. లేకపోతే నెల తర్వాత ఆ స్క్రీన్‌షాట్ మళ్లీ చూసినప్పుడు "14,630 నడిచిన రోజులున్నాయిగా" అని మనమే మనల్ని మోసం చేసుకుంటాం. పిన్ని ఆ నోట్‌ని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది.

ఆ పై సోమవారం పొద్దున ఇంకో స్క్రీన్‌షాట్ వచ్చింది. ఈసారి "చూశావా" లేదు. సగటు 5,586, ఎర్ర బాణం, 6 శాతం తక్కువ. బాబాయ్ గొంతులో నీరసం. గీతలు చదివించాను: 5,720, 5,430, 5,510, 9,380, 3,890, 4,900, 4,270. గురువారం 9,380 తెనాలి పెళ్లిది. వరసలో పెడితే మధ్యది 5,430. పోయిన వారం 5,240. బాణం కిందికి చూస్తోంది గానీ మామూలు రోజు 190 అడుగులు పెరిగింది. ఎర్ర బాణానికి కారణం ఈ వారం కాదు, పోయిన వారం షాపింగ్. నిమిషాలు సోమవారం 20, మంగళవారం 20, బుధవారం 19, శనివారం 12. మొత్తం 71. పెట్టుకున్న 80 రాలేదు. శనివారం లేవడం ఆలస్యమైందట. బుధవారం పంతొమ్మిదికి నేను పేచీ పెట్టలేదు.

నాలుగింట్లో మూడు రోజులు కుదిరాయి. ఇలాంటప్పుడు నేను అంకె పెంచను. నాలుగూ కుదిరితే పెంచేవాణ్ణి, రెండే కుదిరితే తగ్గించేవాణ్ణి. కాబట్టి మూడో వారానికి కూడా నాలుగు రోజులు, 20 నిమిషాలు, 5,400 అడుగులే. మారింది ఒక్కటే: పెళ్లి అయిపోయింది కాబట్టి గురువారం తిరిగొచ్చింది, శనివారం పోయింది. పిన్ని ఫ్రిజ్ మీద కాగితంలో "శని" కొట్టేసి "గురు" రాసిందట. దాని కింద, నేను చెప్పకుండానే, ఫోన్ రాత్రే ఛార్జింగ్ పెట్టాలని కూడా రాసింది.